ముప్పావు అంగుళం నొప్పి

మా బావ దర్జీ. పనిలో ఆయన చేతికి వంక పెట్టినవాళ్లు లేరు, తేదీకి మాత్రం అందరూ పెట్టారు. గురువారం ఇస్తానన్న ప్యాంటు కోసం గురువారం వెళ్తే, మెళ్లో టేపు వేలాడేసుకుని, కత్తెర పక్కన పెట్టి, ఎంతో ఆప్యాయంగా "రేపు" అంటాడు. ఆ మాట అనడంలో ఎంత నమ్మకం పలుకుతుందంటే, ఆరోసారి వచ్చినవాళ్లు కూడా నమ్మి వెళ్లిపోతారు. వీధిలో అందరూ ఆయన్ని "రేపు మాస్టారు" అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పక్క షాపులో తాళాలు బాగుచేసే బావమరిదినై ఉండి ఆ మాత్రం సేవ చేయకపోతే ఎలా?

ఆయన పరుగు మొదలుపెట్టడానికి కారణం ఆరోగ్యం కాదు, మార్జిన్. తన ప్యాంటు నడుము దగ్గర లోపలి మడతని మూడేళ్లలో మూడుసార్లు విప్పి వదులు చేసుకున్నాడు. నాలుగోసారి విప్పబోతే విప్పడానికి గుడ్డ మిగల్లేదు. ఆ ప్యాంటు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి తలుపు కొట్టాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, పార్కులో పరిగెడతావంట కదా. నేనూ వస్తా."

"రేపా బావా?" అన్నాను.

"ఇవాళే," అన్నాడు. నాకు మతిపోయింది.

పది వారాల్లో ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు ఉంది. దానికి మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. ఆ పరుగు తేదీని బావ షాపు గోడ మీద సుద్దతో పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "ఇది మాత్రం తేదీకి అయిపోతుంది, చూడండి" అనేవాడు. వాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. నలభై ఏడేళ్ల మనిషి, పెళ్లికి కూడా ముహూర్తం దాటాక వచ్చినవాడు, జీవితంలో ఒక్క పనైనా అన్న రోజుకి పూర్తిచేసి చూపించాలనుకున్నాడు. మిగతా విషయాల్లో నేను ఆయన్ని ఎంత ఏడిపించినా, ఈ కోరిక దగ్గర మాత్రం నోరు మూసుకున్నాను.

కొత్తగా పరుగు మొదలెట్టినవాళ్లు ఒక రోజు పరిగెత్తి ఒక రోజు ఆగాలి. బావ ఆగలేదు. మొదటి వారం రోజూ రెండు కిలోమీటర్లు, రెండో వారం నాలుగు, మూడో వారం ఆరు, అదీ సిమెంటు రోడ్డు మీద. నడుము తగ్గాలని రాత్రి తిండి కూడా సగం చేశాడు. "కొంచెం నిదానం బావా" అని నేను అనలేదు. "ఆహా, గుర్రంలా ఉన్నావు" అన్నాను. ఆ మాటకి ఆయన ఇంకో కిలోమీటరు పెంచాడు.

నాలుగో వారంలో కుడికాలు నొప్పి మొదలైంది. మోకాలికీ మడమకీ మధ్య, ఎముక లోపలి అంచు వెంబడి, కింది సగంలో. పరుగు మొదట్లో పీకేది, పది నిమిషాలు పరిగెత్తాక వేడెక్కి సర్దుకునేది, సాయంత్రానికి మళ్లీ సలిపేది.

ఇలాంటివి చూడడానికి మా షాపుల పైనే, మొదటి అంతస్తులో, ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. పదిహేడు మెట్లెక్కితే మేడమ్ గారు ఉంటారు. పరుగులు తీసేవాళ్ల కాళ్లన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. కానీ బావ ఆ మెట్లెక్కలేడు. ఎందుకంటే మేడమ్ గారి తెల్లకోటు మూడు నెలలుగా బావ బల్ల మీదే ఉంది, చేతులు లేకుండా. ఆవిడ మెట్లు దిగే చప్పుడు వినబడితే చాలు, బావ బల్ల కింద దారం వెతుక్కునేవాడు.

"నువ్వెళ్లి అడిగిరారా," అన్నాడు నాతో. "నా పేరు చెప్పకు."

వెళ్లాను. "మేడమ్, మా ఫ్రెండుకి కాలి ముందు ఎముక పక్కన నొప్పండి" అంటూ వివరాలన్నీ చెప్పాను.

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు. "నొప్పి ఒక్కచోటా, పొడుగునా?"

"పొడుగునా అండి. జానెడు ఉంటుంది."

"పరిగెడుతుంటే సర్దుకుంటోందా?"

"సర్దుకుంటోందండి."

"అయితే షిన్ స్ప్లింట్స్ అయ్యుండొచ్చు. అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా పని పెంచితే ఎముక అంచు, దాన్ని అంటుకున్న కండరాలు కోప్పడతాయి. రెండు వారాలు పరుగు ఆపమనండి. మెట్లెక్కినా నడిచినా నొప్పి లేదన్నాకే మళ్లీ మొదలు. అదీ సగంతో, మట్టి దారిలో, రోజు విడిచి రోజు. సలిపితే గుడ్డలో ఐసు చుట్టి పెట్టుకోమనండి. కడుపునిండా తినమనండి. ఇంతకీ మీ ఫ్రెండు దర్జీనా?"

నేను గబుక్కున లేచాను.

"ఆగండాగండి, ఇంకో ముఖ్యమైన మాట ఉంది," అన్నారు ఆవిడ.

కోటు గురించేననుకున్నాను. "ఫోనొస్తోందండి" అని, రాని ఫోను చెవికి పెట్టుకుని, పదిహేడు మెట్లూ రెండేసి చొప్పున దిగేశాను. ఆ ముఖ్యమైన మాటని మెట్ల పైనే వదిలేశాను. అప్పట్లో దాన్ని నా తెలివితేటలనుకున్నాను.

బావ రెండు వారాలు ఆగాలి. నాలుగు రోజులు ఆగాడు. గోడ మీది తేదీ ఆయన్ని రోజూ పలకరిస్తుంటే అంతకన్నా ఎలా ఆగుతాడు? అయితే జాగ్రత్త తీసుకోలేదని అనడానికి లేదు. దర్జీ జాగ్రత్త తీసుకున్నాడు.

రోజూ పొద్దున స్టూలు మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయేవాడు. నొప్పి మొదలైన చోట సుద్దబిళ్లతో ఒక గీత, ఆగిన చోట ఇంకో గీత. రెంటికీ మధ్య టేపు పెట్టి కొలిచి, కొలతల పుస్తకంలో రాసేవాడు. ఒక పేజీలో స్కూలు పిల్లల యూనిఫారం కొలతలు, పక్క పేజీలో "కుడికాలు: ఆరు అంగుళాలు".

వారం తిరిగేసరికి ఆరు కాస్తా నాలుగున్నర అయింది. మరో వారానికి మూడు. బావ చంకలు గుద్దుకున్నాడు.

"చూశావా? నొప్పి పొట్టిదైపోతోంది. నెలాఖరుకి ఉండదు."

నేను పుస్తకం చూశాను. అంకెలు నిజంగానే దిగుతున్నాయి. "నీ కాలికి నువ్వే మెడికల్ కాలేజీ బావా" అన్నాను. మళ్లీ ఏడు కిలోమీటర్లకి వెళ్లాడు.

పరుగు ఇంకా పది రోజులు ఉందనగా, కొలత ముప్పావు అంగుళానికి వచ్చింది. కోటు గుండీ అంత, రెండు గీతలూ కలిసి ఒక్క సుద్దచుక్క అయ్యాయి. ఆ రోజు షాపులో అందరికీ టీ ఇప్పించాడు.

కానీ ఆ టీ పంచుతూ కుంటుతున్నాడు. నేను చూశాను. పరుగులో కూడా ఇప్పుడు నొప్పి వేడెక్కి సర్దుకోవడం మానేసింది, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా పెరుగుతూ పోతోంది. స్టూలు మీద ఊరికే కూర్చున్నా ఆ గుండీ అంత చోట లోపల్నుంచి ఎవరో వేలితో తడుతున్నట్టు ఉంటోందని ఆయనే అన్నాడు. పరుగుకి ముందు ఒక నొప్పి బిళ్ల మింగుతున్నాడని కూడా నాకు తెలుసు. అన్నీ తెలిసి నేనేం చేశాను? "కుంటి గుర్రం" అని పేరు మార్చాను. సిగ్గుచేటు, కానీ అదే చేశాను.

పట్టుకున్నది మా అక్క. షాపుకి భోజనం తెచ్చి, ఇస్త్రీ చేస్తున్న మొగుణ్ణి గుమ్మంలోంచే చూసింది. ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు గాల్లో పెట్టుకుని కాలరు ఇస్త్రీ చేస్తున్నాడు.

"ఏవండీ, రెండో కాలు ఎవరికైనా అద్దెకిచ్చారా?"

"ఏం లేదే. నొప్పి ముప్పావు అంగుళమే."

"అంగుళాలు నాకొద్దు. పైకి వెళ్లండి."

"కోటు అవ్వలేదే..."

"అయితే కుట్టి వెళ్లండి!"

మా అక్కకి ముక్కు మీద కోపం. మూడు నెలలు కాని కోటు ఆ మధ్యాహ్నం రెండు గంటల్లో అయింది. చేతులు, కాలరు, గుండీలు, కాజాలు, ఇస్త్రీతో సహా. దాన్ని హ్యాంగరుకి తగిలించి పైకెత్తి పట్టుకుని, బావ మెట్లెక్కాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కాడు. వెనక నేను, నా వెనక కాపలాగా అక్క.

మేడమ్ గారు కోటు వేసుకుని అద్దంలో చూసుకున్నారు. భుజం దగ్గర సూదిమొన అంత కూడా తేడా లేదు. "మూడు నెలలు ఆగినందుకు ఫలితం ఉంది" అని నవ్వారు. బావకి ధైర్యం వచ్చి, కొలతల పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

"చూడండి మేడమ్, ఆరు నుంచి ముప్పావుకి తెచ్చాను."

ఆవిడ పేజీ మీద వేలు పెట్టి అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చారు. ఆరు, నాలుగున్నర, మూడు, ఒకటిన్నర. ముప్పావు దగ్గరకొచ్చేసరికి ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"పడుకోండి," అన్నారు.

ఎముక అంచు వెంబడి వేళ్లతో నొక్కుకుంటూ వచ్చారు. బావ కిమ్మనలేదు. సుద్దచుక్క దగ్గరికి వచ్చి నొక్కగానే కెవ్వుమని లేచి కూర్చున్నాడు.

"మాస్టారూ, నొప్పి తగ్గితే అది అన్నిచోట్లా పల్చబడి పోతుంది. మీది పోలేదు, ఒక్కచోట చేరింది. పొడుగునా ఉన్నంతకాలం అది ఎముక అంచు గొడవ. వేలు పెట్టి 'ఇదిగో ఇక్కడే' అని చూపించేంత చిన్నదైతే, ఎముకకే చీలిక మొదలైందేమోనని అనుమానపడాలి. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కుట్టు మీద లాగుతూనే ఉంటే ఒక్కో పోగూ తెగినట్టన్న మాట. ఎముక రోజూ దెబ్బ తిని రోజూ బాగుపడుతుంది. మీరు బాగుపడే టైము ఇవ్వలేదు, తిండీ ఇవ్వలేదు."

"కొలత తగ్గిందిగా..." అన్నాడు బావ, బక్కచిక్కిన గొంతుతో.

"తగ్గడమే చెడ్డ కబురు. లేచి కుడికాలి మీద ఒక్కసారి, మెల్లగా గెంతండి. నొప్పనిపిస్తే వెంటనే ఆపేయాలి."

ఒక్కసారి గెంతాడు. రెండోసారి లేవలేదు, బల్ల పట్టుకున్నాడు.

ఆవిడ నా వైపు తిరిగారు. "మీ ఫ్రెండుకి చెప్పమనబోయిన ముఖ్యమైన మాట ఇదే. నొప్పి ఒక్కచోటికి చేరినా, నడిచినప్పుడూ ఊరికే ఉన్నప్పుడూ వచ్చినా, పరుగు పూర్తిగా ఆపి వెంటనే రమ్మని. మీరు ఫోనొచ్చిందని వెళ్లిపోయారు."

అక్క నన్ను చూసిన చూపుకి, కిటికీలోంచి దూకితే బావుండుననిపించింది.

అదే సాయంత్రం ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. బావ దాన్ని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని ఎగిరి గంతేయబోయి, ఒక కాలితో సరిపెట్టుకున్నాడు. దాన్ని తెచ్చి చూపిస్తే మేడమ్ గారు మాత్రం లొంగలేదు. "మొదటి వారాల్లో ఇలాంటి చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఎమ్మారై చేయించాలి. దొరికే తేదీ సోమవారమే. అందాకా పరుగు లేదు, నడక కూడా తక్కువ, నొప్పిబిళ్ల మింగి నొప్పిని దాచడం అసలే లేదు."

సోమవారం. పరుగు దానికి ముందు ఆదివారం.

ఆ వారమంతా బావ గోడ మీది తేదీ వంక చూస్తూ కుట్టాడు. అక్క రోజుకోలా తిట్టింది, చివరికి మాట్లాడడమే మానేసింది. అది తిట్లకన్నా ఘోరం. శనివారం ఆయన తన చొక్కాకి పరుగు నంబరు కాగితం కుట్టుకున్నాడు. పిన్నీసులు పెడితే గుడ్డకి చిల్లులు పడతాయని కచ్చాకుట్టు వేశాడు.

"ఎక్స్‌రే బాగుందిగా," అన్నాడు నాతో. "పది కిలోమీటర్లు. ఒక్క గంట. ఆ తర్వాత ఎన్నాళ్లు పడుకోమన్నా పడుకుంటా. ఈ ఒక్కటి అన్న రోజుకి అవ్వాలిరా."

ఆదివారం పొద్దున మొదలు గీత దగ్గర నాలుగైదు వందలమంది ఉన్నారు. అక్క కూడా వచ్చింది, మాట్లాడడానికి కాదు, చూడడానికి. బావ నా పక్కన నిలబడి బరువంతా ఎడమకాలి మీద వేశాడు. మైకులో ఎవరో ఇంకా మూడు నిమిషాలన్నారు.

నేనిక ఆగలేకపోయాను. "బావా, తప్పు నాది. ఆవిడ చెప్పబోతుంటే పారిపోయాను. కోటు గురించి అడుగుతారని. పుస్తకంలో అంకెలు చూసి నేనే ఎగదోశాను. నువ్వు కుంటుతుంటే నవ్వాను. ఇవాళ కూడా నవ్వులాటలా వదిలేస్తే మా అక్క మొహం చూడలేను. నీ కాలికి ఏమైనా అయితే నేను..." వందలమంది మధ్యలో, పొట్టి నిక్కరు వేసుకుని, ఏడ్చాను.

బావ నన్ను కాసేపు వింతగా చూశాడు. నేను ఏడవడం ఆయన ఇరవై ఏళ్లలో చూడలేదు. తర్వాత తల దించుకుని, జనం మధ్యలోనే, కుడికాలి మీద మెల్లగా ఒకసారి గెంతాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనే గెంతాడు. పళ్లు బిగించాడు. రెండోదానికి కాలు లేవలేదు.

"రెండోసారి గెంతలేని కాలితో పది కిలోమీటర్లా అండీ?" అని వెనకనుంచి అక్క గొంతు. జనం కోసం కట్టిన తాడు అవతలే ఉంది. మాటలు మానేశాక అదే మొదటి మాట.

బావ చొక్కా అంచున వేలాడుతున్న దారం కొస పట్టుకుని లాగాడు. కచ్చాకుట్టు కదా, ఒక్క లాగుకి నంబరు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. "నువ్వెళ్లరా. ఇద్దరం ఆగితే కట్టిన డబ్బు దండగ" అన్నాడు. నేను వెళ్లాను. ఎంతసేపట్లో పూర్తిచేశానో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం ఎమ్మారైలో కనిపించింది. ఎముక లోపల వాపు, అందులో వెంట్రుక మందాన ఒక గీత. సరిగ్గా ఆయన సుద్దచుక్క పెట్టిన చోటే. కొలతలో బావ తప్పు చేయడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"నిన్న పరిగెత్తి ఉంటే?" అని అడిగింది అక్క.

"ఏమీ కాకపోనూవచ్చు," అన్నాడు డాక్టరు. "పూర్తిగా విరగనూవచ్చు. అప్పుడు లోపల రాడ్డు వెయ్యాలి, నెలల తరబడి మిషను పెడలు మీద ఆ కాలు పెట్టలేరు. ఇప్పుడైతే ఎనిమిది వారాలు పరుగు లేదు, అంతే. నడిస్తే నొప్పి ఉన్నన్నాళ్లు చంక కర్రలు."

చంక కర్రలు రెండు వారాలు వాడాల్సొచ్చింది. కుడికాలు పెడలు మీద పెట్టొద్దని అక్క ఆంక్ష. ఎడమకాలితో మిషను తొక్కడం నేర్చుకునే లోపు ఒక ప్యాంటు పాపం మూడు జేబులతో తయారైంది. ఒంట్లో డి విటమిను తక్కువ ఉందని తేలి దానికి మందు వేసుకున్నాడు. రాత్రి తిండి పూర్తిగా తిన్నాడు. మధ్యలో ఐదో వారం, అస్సలు నొప్పి లేదని, వీధి చివరిదాకా కాస్త పరిగెత్తి చూస్తానన్నాడు. అక్క చంక కర్ర ఒకటి చేతిలోకి తీసుకుంది. ఎందుకని ఆయన అడగలేదు.

ఎనిమిది వారాలు నిండిన రోజు మేడమ్ గారు మళ్లీ నొక్కి చూశారు. బావ కిమ్మనలేదు. కుడికాలి మీద పదిసార్లు గెంతమన్నారు. గెంతాడు, పదీ. పదకొండోది గెంతబోతే చెయ్యడ్డం పెట్టారు.

"రేపట్నుంచి మొదలు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఐదుసార్లు. రోజు విడిచి రోజు. నొప్పి వస్తే ఆపడం. రాకపోయినా నేను చెప్పినంతే. అసలు పరుగు తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున పార్కులో మట్టి దారి మీద ముగ్గురం నిలబడ్డాం. ఆరు గంటలకి మొదలన్నాడు, ఆరింటికే మొదలెట్టాడు. నేను పక్కన, అక్క బెంచీ మీద గడియారంతో. మొదటి పది అడుగులూ భయంగా వేశాడు. ఇరవయ్యో అడుగుకి భుజాలు వదులయ్యాయి. కాలు హాయిగా ఉందని మొహంలోనే తెలుస్తోంది. ముందు దారంతా ఖాళీగా ఉంది, ఒంట్లో ఎనిమిది వారాల ఓపిక పోగుపడి ఉంది, అడుగు దానంతటదే పెద్దదవుతోంది. ఆయన ఇంకా పోతాడని నాకు అనిపించింది. నేనైతే పోయేవాణ్ణి.

"నిమిషం!" అని అరిచింది అక్క.

బావ ఆగాడు.